బరువు మెల్లగా పెడితే ఎంత స్ట్రెస్, పైనుంచి పడితే ఎంత? రాడ్ మీద లెక్క ఇలా వేయాలి

మా చిత్తూరు పక్క బోరు మోటారు పైకి లాగేటప్పుడు చైన్ బ్లాక్ దగ్గర నిలబడి చూసినోళ్ళకి తెలుసు, మెల్లగా లాగినంతసేపు ఏమీ కాదు, పట్టు జారి ఒక జానెడు కింద పడి టక్కున ఆగిందా, అప్పుడే గుండె ఆగినంత పనవుతుంది. బరువు అదే కదన్నా, మరి ఎందుకు తెగుతుంది అని డిప్లొమా చదివే మా తమ్ముడు అడిగినాడు, వాడికి చెప్పిన లెక్కే ఇది.

పైన గట్టిగా బిగించి వేలాడదీసిన ఒక మైల్డ్ స్టీల్ రాడ్ అనుకోండి. 20 మిల్లీమీటర్ల మందం, 2 మీటర్ల పొడవు, కింద చివర ఒక కాలర్. రాడ్‌లో దూర్చిన బరువు జారి వచ్చి ఆ కాలర్ మీద పడుతుంది. బరువు 1000 న్యూటన్లు, అంటే సుమారు 100 కిలోలు.

మొదట మెల్లగా పెట్టిన లెక్క. రాడ్ అడ్డుకోత ఏరియా 314 చదరపు మిల్లీమీటర్లు, 1000ని దాంతో భాగిస్తే స్ట్రెస్ 3.18 N/mm². స్టీల్ సాగకుండా ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే E విలువ 2 లక్షల N/mm², కాబట్టి సాగేది 3.18 × 2000 ÷ 200000, అంటే 0.0318 మిల్లీమీటర్లు. ఈ చిన్న అంకెని పక్కన రాసి పెట్టుకోండి, మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

తర్వాత ఎత్తు సున్నా. బరువు కాలర్‌కి ఆనీ ఆననట్టు పట్టుకుని చటుక్కున వదిలేస్తే స్ట్రెస్ అంతే ఉంటుందనుకుంటారు చాలామంది, కానీ రెట్టింపు అవుతుంది. ఎందుకంటే వదిలిన క్షణం నుంచి బరువు ఫుల్లుగా లాగుతుంది, రాడ్ తిరిగి లాగే బలం మాత్రం సున్నా నుంచి మొదలై సాగేకొద్దీ పెరుగుతుంది, అంటే సగటున చివరి బలంలో సగమే, బరువు చేసిన పనికి అది సరిపోవాలంటే చివరి బలం రెండింతలు కావాల్సిందే. తర్వాత రాడ్ కాసేపు పైకీ కిందకీ ఊగి 3.18 దగ్గరే నిలబడుతుంది, కానీ ఆ మొదటి సాగులో 6.37 వచ్చి పోయింది.

ఇప్పుడు పడే ఎత్తు. మెల్లగా పెట్టిన స్ట్రెస్‌ని ఎన్నిరెట్లు చేయాలో ఇది చెబుతుంది:

```
n = 1 + √(1 + 2h/δ)
```

h పడిన ఎత్తు, δ మనం రాసి పెట్టుకున్న 0.0318, రెండూ మిల్లీమీటర్లలోనే పెట్టండి, ఒకటి సెంటీమీటర్లలో వేస్తే మొత్తం పోతుంది. h సున్నా పెడితే n 2 రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు చేశారు. ఎక్కువమంది చేసే తప్పేంటంటే, సొంతంగా సూత్రం కట్టేటప్పుడు బరువు చేసిన పనిని W × h అని రాసేస్తారు, రాడ్ సాగినంత దూరం కూడా బరువు దిగింది కదా, అది మరిచిపోతారు.

10 మిల్లీమీటర్ల ఎత్తుకి n 26 వస్తుంది, స్ట్రెస్ 83. ఒక సెంటీమీటరుకే! 50 మిల్లీమీటర్లకి 182. 100కి 255, మైల్డ్ స్టీల్ యీల్డ్ సుమారు 250 కాబట్టి ఇక్కడ ఆపేయాలి, దాని పైన సూత్రం ఇచ్చే అంకె నిజమైన స్ట్రెస్ కాదు, రాడ్ శాశ్వతంగా సాగడం మొదలైందని మాత్రమే అర్థం. ముందే రెండు గీతలు గీసి కొలిచి పెట్టుకుంటే, బరువు తీసేశాక కూడా వాటి మధ్య దూరం పెరిగే ఉంటే యీల్డ్ దాటినట్టే. ఇంకోటి, కాలర్‌కి తగిలినప్పుడు పోయే శక్తినీ రాడ్ సొంత బరువునీ ఈ సూత్రం పట్టించుకోదు, పైన బిగించిన చోటు కదలదనే అనుకుంటుంది.

మా వాడు వెంటనే, సరే రాడ్ లావు చేద్దాం అన్నాడు. మొత్తం లావు చేస్తే తగ్గుతుంది నిజమే, కానీ పై మీటరు మాత్రమే రెట్టింపు ఏరియా చేసి కింద మీటరు అలాగే వదిలేశామనుకోండి. మొత్తం సాగు 0.0239కి తగ్గుతుంది, 50 మిల్లీమీటర్ల ఎత్తుకి n 66 దాకా పోతుంది, సన్న భాగంలో స్ట్రెస్ 182 నుంచి 209కి పెరుగుతుంది! ఇనుము ఎక్కువ పెట్టి రాడ్‌ని పాడు చేసినట్టు. లావు భాగం పెద్దగా సాగదు, దెబ్బ శక్తిలో ఎక్కువ వాటా సన్న భాగమే మింగాలి. అదే 20 మిల్లీమీటర్ల రాడ్‌ని 4 మీటర్లు పొడవు చేసి చూడండి, 129కి దిగుతుంది, మెల్లగా పెట్టే బరువుకైతే పొడవుతో స్ట్రెస్‌కి సంబంధమే లేదు.

దెబ్బలు తినే చోట వాడే కొన్ని బోల్టుల నడుము మరల గాడి అడుగున ఉండే మందం అంత సన్నగా చెక్కి ఉండేది అందుకే. మరలు ఉన్నచోటే సన్నం అయితే సాగంతా అక్కడే పడి అక్కడే తెగుతుంది, నడుము కూడా సన్నం చేస్తే పొడవంతా కలిసి సాగుతుంది.