పొట్టు రాలకుండా తల దురద: అలర్జీయా, పొడిదనమా, నరాల సమస్యా?

తల విపరీతంగా దురద పెడుతోంది, పాయ తీసి చూస్తే పొట్టు లేదు, ఎరుపు లేదు. అయినా చాలామంది ముందుగా కొనేది చుండ్రు షాంపూనే. దురద పొడిదనం వల్ల అయితే ఆ షాంపూతో ఇంకాస్త పెరుగుతుంది. అందుకే ఏదైనా కొనేముందు మూడు విషయాలు గమనించండి: దురద ఎప్పుడు మొదలవుతోంది, ఎక్కడ వస్తోంది, గోకితే తగ్గుతోందా.

అంతకంటే ముందు పేలు లేవని ఖాయం చేసుకోండి. తడి జుట్టును మెడ వెనుక, చెవుల వెనుక పేల దువ్వెనతో దువ్వి, తెల్ల గుడ్డ మీద దులిపి చూడండి. పెద్దవాళ్లకు పేలు రావనుకోవడం పొరపాటు.

తలస్నానం చేసిన కాసేపటికే బిగుతు, దురద

తల ఆరుతుండగానే చర్మం లాగినట్టు ఉండి, తలంతా సమానంగా దురద పెడితే పొడిదనాన్ని అనుమానించాలి. చలికాలంలో ఎక్కువవుతుంది, వయసు పెరిగినకొద్దీ కూడా. వేడి నీళ్లు మాని గోరువెచ్చని నీళ్లు వాడండి. గాఢత తక్కువున్న షాంపూకి మారి, తలస్నానాల మధ్య వ్యవధి పెంచండి. హెయిర్ డ్రయర్ వేడిని తగ్గించండి. రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. ఏమాత్రం తేడా లేకపోతే కారణం వేరే ఉందన్నమాట.

ఒకటి రెండు రోజులు ఆగి మొదలయ్యే దురద

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చర్మానికి తగిలిన పదార్థం పడక వచ్చే కాంటాక్ట్ అలర్జీ వెంటనే బయటపడదు, సాధారణంగా 24 నుంచి 72 గంటలు పడుతుంది. పైగా తల చర్మం మందం కాబట్టి అక్కడ ఏమీ కనిపించకపోవచ్చు. షాంపూ, రంగు కారిన దారిలో ఉండే పలచని చర్మం దాన్ని బయటపెడుతుంది. కనురెప్పలు, చెవుల పైఅంచులు, నుదుటి అంచు, మెడ వెనుక భాగం చూడండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకామె ఆదివారం జుట్టుకి రంగు వేసుకుంది. ఆ రోజు ఏమీ లేదు. మంగళవారం తల దురద, కనురెప్పలు కాస్త ఉబ్బాయి. సోమవారం వాడిన కొత్త షాంపూ పడలేదనుకుని దాన్ని పారేసింది. వచ్చే నెల రంగు వేసుకున్నాక మళ్లీ అదే వరస. ఈసారి "అమ్మోనియా లేనిది" తెచ్చుకుంది, అయినా అంతే. అమ్మోనియా లేదంటే పారాఫెనిలీన్ డైఅమీన్ కూడా లేదని అర్థం కాదు. ముదురు రంగుల్లో తరచూ అలర్జీ తెచ్చేది ఆ రసాయనమే. "హెర్బల్" అని రాసినవాటిలోనూ, నల్ల గోరింటాకులోనూ అది ఉండొచ్చు.

షాంపూలోనూ ఇదే చిక్కు. బ్రాండ్లు ఎన్ని మార్చినా, అన్నిటిలో మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ ఉంటే దురద పోదు. సువాసన పదార్థాలూ అంతే. కాబట్టి సీసా ముందువైపు కాకుండా వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి.

రంగు, జెల్, నూనె, సీరమ్ అన్నీ నాలుగు వారాలు ఆపి, సువాసన లేని ఒకే షాంపూ వాడండి. దురద తగ్గాక ఆపినవాటిని వారానికొకటి చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. రంగు మీద అనుమానం ఉంటే దాన్ని మాత్రం ఇంట్లో మళ్లీ ప్రయత్నించొద్దు, రెండోసారి ముఖమంతా వాచిపోవచ్చు. చర్మ వైద్యులు చేసే ప్యాచ్ టెస్ట్ దీన్ని తేలుస్తుంది. వీపు మీద అంటించిన పట్టీలు 48 గంటలు ఉంచి తీస్తారు, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. రెండోసారి కూడా తప్పకుండా వెళ్లండి, కొన్ని అలర్జీలు అప్పుడే కనబడతాయి.

ఎప్పుడూ అదే చోట మంట, సూదులు గుచ్చినట్టు

దురదతో పాటు మంట, చిమచిమ, దువ్వెన తగిలితే నొప్పి ఉండి, ఎంత గోకినా తృప్తి లేకపోతే నరాల వైపు ఆలోచించాలి. మెడ ఎముకల అరుగుదల, మధుమేహం, ఆ వైపు ఇదివరకు నొప్పితో పొక్కుల్లా వచ్చిన హెర్పిస్ జోస్టర్ దీనికి తెలిసిన కారణాలు. మెడ బిగుసుకుపోవడం, చేతి తిమ్మిరి కూడా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అలర్జీ మాత్రలు ఈ దురదను పెద్దగా తగ్గించవు. మెడకు ఫిజియోథెరపీ, షుగర్ అదుపు, అవసరమైతే గాబాపెంటిన్ లాంటి మందులు వైద్యులు సూచిస్తారు. ఆ మందు మగత తెస్తుంది కాబట్టి సొంతంగా మొదలుపెట్టకూడదు. టెన్షన్‌తో ఈ దురద పెరుగుతుంది. అంతమాత్రాన "అంతా మానసికమే" అని కొట్టిపారేయడం అన్యాయం.

గోకితే పుండ్లు పడి, అసలు ఏది ముందొచ్చిందో వైద్యుడికీ తెలియకుండా పోతుంది. చర్మం మామూలుగా ఉన్నప్పుడే ఆ చోటు ఫోటో తీసి ఉంచండి.

జుట్టు ఒకేచోట ఊడిపోతున్నా, ఒళ్లంతా దురద ఉన్నా ఇంటి ప్రయోగాలు ఆపి వైద్యుణ్ణి కలవండి. వయసు 50 దాటి, కణతల దగ్గర తల ముట్టుకుంటే నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసక ఉంటే అది దురద సంగతి కాదు. తలలోని రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.