ఆషాఢం లోపు అద్దింట్లో దిగేవాళ్ళు అగ్రిమెంటులో ఈ మూడు లైన్లు చదివాకే సంతకం పెట్టండి

మన భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఇల్లు మారేవాళ్ళు ఎక్కువమంది జ్యేష్ఠంలోనే మారిపోతారు కదా, ఆషాఢం వచ్చేస్తే పాలు పొంగించడానికి ఉండదని, స్కూళ్ళు తెరిచేస్తున్నారని ఒకటే హడావిడి. ఆ హడావిడిలో ఓనరు గారు తెచ్చిన స్టాంపు పేపర్ మీద అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత అని రెండు అంకెలు చూసుకుని సంతకం పెట్టేస్తాం. కానీ జూన్‌లో రాసుకున్న 11 నెలల అగ్రిమెంటులోనే మన వర్షాలు, గోదారి వరద, అక్టోబరు నవంబరు తుఫాన్లు అన్నీ వచ్చేస్తాయి, ఇంటికి ఏదన్నా అయ్యేది ఆ నెలల్లోనే, అప్పుడు డబ్బులు ఎవరు పెట్టుకోవాలన్నది మనం చదవని లైన్లలో ఉంటుంది.

మా చెల్లి వాళ్ళది చెప్తాను. పాలకొల్లులో కింద పోర్షన్, అద్దె 9,000, అడ్వాన్స్ మూడు నెలలది 27,000. జూన్‌లో దిగారు. అక్టోబరులో రెండు రోజులు ఆగకుండా వాన కురిసి వాకిట్లో నీళ్ళు నిలిచిపోయాయి, సంపు పక్కన నేల మీదే పెట్టిన మోటారు మునిగి వైండింగ్ కాలిపోయింది. ఓనరు గారు ఉండేది హైదరాబాద్‌లో, ఫోన్ చేస్తే "మీరు చేయించేసుకోండి, తర్వాత చూద్దాం" అన్నారు, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు కాబట్టి వీళ్ళు 2,600 పెట్టి చేయించుకున్నారు. నవంబరు 5న మా బావగారికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఆ రోజే ఫోన్‌లో చెప్పారు, నెలాఖరుకి ఆ నెల అద్దె కూడా కట్టి ఖాళీ చేసేశారు.

అడ్వాన్స్ అడిగితే ఒక్క రూపాయి కూడా రాదన్నారు. అగ్రిమెంటు తీసి చూస్తే నిజంగానే ఉంది, ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి లెక్క అని. అంటే నవంబరు 5న చెప్పినా లెక్క డిసెంబరు 1 నుంచి మొదలై జనవరి ఆఖరికి తేలుతుంది, రెండు నెలల అద్దె 18,000 పోయింది. ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఒక నెల అద్దె మినహాయిస్తారని ఇంకో లైను, అది 9,000. మొత్తం 27,000 సరిపోయింది. మోటారు సంగతి అడిగితే "చిన్నా పెద్దా రిపేర్లన్నీ అద్దెదారుడే చేయించుకోవాలి" అన్న లైను చూపించారు.

ముందు ఆ రిపేర్ల లైను గురించి చెప్పాలి, ఎందుకంటే మన చట్టం నిజానికి అద్దెకున్నవాళ్ళకి కొంత అండగానే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 108 ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరు మనం చెప్పాక కూడా తగిన టైములో చేయించకపోతే మనమే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. ఇల్లు తిరిగి అప్పగించేటప్పుడు కూడా మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల, తుఫాను వరదల్లాంటి మన చేతిలో లేని వాటివల్ల జరిగిన నష్టం మన బాధ్యత కాదు. అయితే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది, అగ్రిమెంటులో దీనికి వేరుగా రాసుకోకపోతేనే ఇవన్నీ వర్తిస్తాయి అని. డాక్యుమెంట్ రైటర్ పాత కాపీ నుంచి దించేసిన ఆ ఒక్క "చిన్నా పెద్దా" లైనుతో మన హక్కు మనమే వదిలేసుకుంటున్నాం. అందుకని దాన్ని కొట్టించి, కుళాయి వాషర్లు, స్విచ్‌లు, తలుపు గడియలు, కాలవ శుభ్రం లాంటివి మావి, స్లాబు కారడం, గోడలు, పైపులైను, వైరింగ్, మోటారు మీవి అని విడివిడిగా రాయించండి. కొట్టేసిన చోట ఇద్దరూ పక్కన సంతకం పెట్టాలి. ఓనరు "తర్వాత చూద్దాం" అంటే అప్పుడే వాట్సాప్‌లో "మీరు చెప్పినట్టే చేయిస్తున్నామండి, 2,600 అయింది, వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటాం" అని బిల్లు ఫోటోతో పెట్టేయాలి. మా చెల్లి అది పెట్టలేదు, ఆ డబ్బులు ఇక రాలేదు.

రంగుల లైను మన డెల్టాలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన నేలల్లో చెమ్మ ఎక్కువ, సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పు కూడా, కింద పోర్షన్లలో మోకాలెత్తు దాకా గోడలు చవుడు పట్టి తెల్లగా పొడి రాలుతూ పెచ్చులూడిపోతుంటాయి. అది కాపురం చేసి పాడుచేసింది కాదు, కింద నుంచి చెమ్మ పైకెక్కి వచ్చింది, ఎవరున్నా వస్తుంది. కానీ ఖాళీ చేసే రోజున ఓనరు కంటికి మనం పాడుచేసిన గోడలాగే కనిపిస్తుంది. సామాను దించకముందే ప్రతి గది నాలుగు గోడలూ కింది భాగం, స్లాబు మీద నీళ్ళ మరకలు, బాత్రూమ్ పైపులు ఫోటోలు తీసి అదే రోజు ఓనరుకి పంపండి. అగ్రిమెంటులో "చెమ్మ వల్ల, వర్షం వల్ల రంగు పోతే మినహాయింపు లేదు" అని రాయించండి.

మా చెల్లికి అక్కరకొచ్చింది అలాంటి ఫోటోనే. పాలు పొంగించిన రోజు గిన్నె అంచు మీదకి పాలు పొంగుతుంటే ఫోటో తీసి మా అమ్మకి పంపింది, దాని వెనక గోడ మీద జానెడు మేర తెల్లటి చవుడు స్పష్టంగా కనపడుతోంది, పైన జూన్ తేదీ ఉంది. అది పంపాక ఓనరు గారు రంగుల 9,000 ఇచ్చేశారు.

నోటీసు లైనులో రెండు మాటలు మార్పించుకోవాలి. ఒకటి, నెల రోజులు చాలు అని, వాట్సాప్ మెసేజ్ కూడా నోటీసే అని, చెప్పిన రోజు నుంచే లెక్క అని. ఇన్ని నెలలని గడువు రాసుకోకుండా నెలవారీ అద్దెకి ఉండి, నోటీసు గురించి కూడా ఏమీ రాసుకోకపోతే అదే చట్టంలో సెక్షన్ 106 ప్రకారం 15 రోజులు సరిపోతుంది, రెండు నెలలన్నది మాత్రం మనం సంతకం పెట్టడం వల్లే వచ్చింది. అదే గడువు ఓనరుకి కూడా ఉందో లేదో చూడండి, చాలావాటిలో మనకి రెండు నెలలు, ఆయన ఖాళీ చేయమంటే 15 రోజులు అని ఉంటుంది. రెండోది, ఈలోపు వేరే వాళ్ళు దిగితే ఆ రోజు నుంచి అద్దె తిరిగి ఇవ్వాలి అని. మా చెల్లి ఇంట్లో డిసెంబరు 20కే ఇంకొకళ్ళు దిగారు, పక్కింటి పిన్నిగారు ఫోన్ చేసి చెప్పారు. మా బావగారు మర్యాదగానే అడిగారు, "అయ్యా, ఒకే ఇంటికి జనవరి నెలలో రెండు అద్దెలు ఎలా అండీ" అని. నాలుగు సార్లు తిరిగాక జనవరిది 9,000 ఇచ్చారు, డిసెంబరుది ఇవ్వలేదు. అంటే 27,000లో చేతికొచ్చింది 18,000.

ఇంకోటి, కోనసీమలో ఇల్లు ఒకళ్ళ పేర ఉంటుంది, వాళ్ళు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు, అద్దె తీసుకునేది మావయ్యగారో బావమరిదో. అడ్వాన్స్ ఎవరి చేతికిస్తున్నారో వాళ్ళ పేరు, ఏ హోదాలో తీసుకుంటున్నారో అగ్రిమెంటులో ఉండాలి, వీలైతే క్యాష్ కాకుండా అకౌంట్‌కే వేయండి. తాళాలు ఇచ్చిన రోజే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి, తగ్గించేది ఏదన్నా ఉంటే బిల్లు చూపించాలి అన్న లైను కూడా అక్కడే పెట్టించండి. "ఆయ్, మన మధ్య రాతలెందుకండీ" అంటారు, మంచిగానే అంటారు, అయినా రాయించుకోండి, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు ఉన్న కాపీ ఒకటి అదే రోజు మీ ఇంటికి తెచ్చుకోండి.