పేరు దొరికింది, మొదటి లైను రావట్లేదు: పాట ఎలా మొదలుపెట్టాలి?

నరసాపురం రేవులో, గోదావరి దాటించి సఖినేటిపల్లి చేర్చే పంటు కోసం నిలబడి ఉన్నప్పుడు నాకు ఒక పాట పేరు తట్టింది: ‘ఆఖరి పంటు’. వారం గడిచినా పల్లవి కదల్లేదు. ఆ ముడి విప్పిన పద్ధతి ఇది.

ముందు ఈ మాట ఎవరు అంటున్నారో, ఏ క్షణంలో అంటున్నారో ఒక్క లైనులో రాసుకోండి. నేను రాసుకున్నది: పంటు తప్పిపోయి ఇవతలి ఒడ్డున మిగిలిపోయిన మనిషి, రాత్రి.

తర్వాత పది నిమిషాలు అలారం పెట్టి, పెన్ను ఎత్తకుండా రాయాలి. కొట్టివేతలు వద్దు, ప్రాస గురించి ఆలోచించొద్దు. మాట తట్టకపోతే పాట పేరే మళ్లీ రాయండి. నా కాగితం మీద ఇలా పడింది: ‘డీజిల్ వాసన ఇంజన్ చప్పుడు దూరమవుతోంది టికెట్ చెమటకి మెత్తబడింది టీ కొట్టు మూసేశారు బల్బు ఒకటే ఊగుతోంది ఆఖరి పంటు ఆఖరి పంటు అవతల మా ఇంటి దీపం కనిపిస్తోంది’. కాగితం నిండా బాధ, జీవితం, ఒంటరితనం లాంటి మాటలే ఉంటే అది పనికిరాదు. చేత్తో తాకగలిగే ఒక వస్తువును, నా విషయంలో ఆ టికెట్‌ను, పట్టుకుని ఇంకో ఐదు నిమిషాలు రాయండి.

ఇప్పుడు పదాల పట్టిక. కాగితంలోంచి వస్తువుల పేర్లు, కదలిక చూపే క్రియలు పాతిక వరకు ఏరి ఒక వరుసలో పెట్టండి. రెండో వరుస ప్రాసకి. మన ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది కాబట్టి ‘పంటు’కి ఇంటి, కంటి, ఒంటి, గంట, వెంట, మంట కలుస్తాయి. లైను చివర క్రియలతో కలిపే ప్రాస (వస్తావా, చూస్తావా) ఎవరికైనా సులువుగా వచ్చేస్తుంది, అందుకే చప్పగా ఉంటుంది. నేనైతే లైను మొదటి మాటకే ప్రాస వెతుకుతాను. రెండు వరుసల్లోనూ సరిపడే మాటలే తీసుకోండి. ‘మంట’ ప్రాసకి కుదురుతుంది, కానీ నా రేవులో మంట లేదు. దాన్ని వాడితే పాట ఇంకెక్కడికో పోతుంది.

ఇంటి, ఒంటి మిగిలాయి:

ఇంటి దీపం కనిపిస్తోంది ఆవలి ఒడ్డున
ఒంటి బల్బు ఊగుతోంది మూసిన టీ కొట్టున

లఘువుకి ఒకటి, గురువుకి రెండు చొప్పున లెక్కపెడితే ఒక్కో లైనుకి 22 మాత్రలు. మొదట ‘ఒంటి బల్బు వెలుగుతోంది టీ కొట్టున’ అని రాస్తే 18 మాత్రలే వచ్చాయి. చేత్తో తాళం వేస్తూ పాడినప్పుడు చివర ఖాళీ తెలిసిపోయింది. ‘మూసిన’తో అది నిండింది, పైగా రాత్రి బాగా పొద్దుపోయిందని చెప్పేసింది.

మన పాటల్లో చాలావాటికి పల్లవి మొదటి మాటే పేరు. అందుకే పేరుతోనే మొదలుపెట్టాలని చెయ్యి లాగుతుంది. లైను రాకుండా ఆపేది చాలాసార్లు అదే. పేరును పల్లవి చివరికి జరపండి. పై రెండు లైన్లనూ పేరు చెప్పకుండా ఒకరికి చదివి, ఆ మనిషి ఎక్కడున్నాడో అడగండి. ‘ఏదో రేవులో ఇరుక్కుపోయాడు’ అన్నారంటే, మూడో లైనులో ‘ఆఖరి పంటు’ పెట్టొచ్చు.