బ్లూస్ పాటను ఐదు గీతల మీద రాయడం ఎలా? గాంధారం దగ్గర చేతులెత్తేయకుండా

బ్లూస్ పాటకు స్టాఫ్ నొటేషన్ రాయమంటే చాలామంది చేసేది ఒకటే. గాంధారం వచ్చిన ప్రతిచోటా ఒక ఫ్లాట్ గుర్తు పడేసి చేతులు దులుపుకుంటారు. ఆ కాగితం చూసి పియానో వాయిస్తే ఏదో మైనర్ పాట వినిపిస్తుంది. గాయకురాలు పాడింది మాత్రం అది కాదు.

పియానో లెక్కలో సాధారణ గాంధారం, అంటే ఫ్లాట్ చేసినది, షడ్జమానికి 300 సెంట్లు పైన ఉంటుంది, అంతర గాంధారం, అంటే మేజర్‌ది, 400 సెంట్లు పైన. సెంటు అంటే స్థాయిని 1200 భాగాలు చేస్తే అందులో ఒకటి. బ్లూస్ గాయకులు గాంధారాన్ని ఎక్కువగా ఈ రెండు మెట్ల మధ్య పాడతారు, అదీ ఒకచోట నిలబడి కాదు. దీన్నే బ్లూ నోట్ అంటారు. పంచమం, నిషాదం దగ్గర కూడా ఇలాంటిదే జరుగుతుంది. ఇక్కడ గాంధారం ఒక్కటే చూద్దాం. అది పట్టుబడితే మిగతావి వాటంతటవే వస్తాయి.

సరంజామా

హెడ్‌ఫోన్లు, పెన్సిలు, రబ్బరు, Sonic Visualiser అనే ఉచిత సాఫ్ట్‌వేర్, దానిలోకి గొంతు పిచ్‌ను గీతగా చూపించే pYIN అనే ప్లగిన్. పెన్ వాడొద్దు. స్పీకర్లలో విని రాయొద్దు. నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా రాయడం అసలే వద్దు, అది మీ చేత పియానో మెట్లు మాత్రమే ఎంపిక చేయిస్తుంది.

మొదటిసారి రాసేవాళ్లు వాద్యాలు లేని చోటు ఎంచుకోండి. గొంతు ఒంటరిగా వినిపించే నాలుగు బార్లు చాలు. pYIN ఒకే స్వరం మోగుతున్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. గిటారు తోడైతే దాని తీగను పట్టుకుని గొంతని చెబుతుంది, ఒక్కోసారి స్థాయి మారి సగం అంకెనో రెట్టింపు అంకెనో చూపిస్తుంది. గిటారు తప్పదనుకుంటే స్పెక్ట్రోగ్రామ్‌లో గొంతు తాలూకు నాలుగో హార్మోనిక్ గీతను చూసి, ఆ అంకెను నాలుగుతో భాగించండి.

ముందు షడ్జమం

పాత రికార్డుల మీద నిమిషానికి 78 చుట్లని రాసి ఉన్నా అన్నీ ఆ వేగంతోనే రికార్డు చేసినవి కావు. వేగం ఆరు శాతం తేడా వస్తే శ్రుతి దాదాపు ఒక మెట్టు జరిగిపోతుంది. కాబట్టి ట్యూనర్ యాప్ చూపించే అక్షరాన్ని నమ్మకూడదు. పాట సొంత షడ్జమాన్ని పాటలోనే వెతకాలి. పన్నెండు బార్ల బ్లూస్‌లో గొంతు చాలాసార్లు పాదం చివర షడ్జమం మీదికి దిగుతుంది. అలాంటి ముగింపులు నాలుగైదు కొలిచి మధ్య విలువ తీసుకోండి. ఆ తర్వాత ప్రతి స్వరాన్నీ దానితోనే పోల్చాలి, f అంటే ఆ స్వరం హెర్ట్జ్‌లు, sa అంటే షడ్జమం హెర్ట్జ్‌లు:

```
cents = 1200 × log2(f ÷ sa)
```

ఈ పని దాటవేస్తే ఏమవుతుందో ఒక లెక్కలో చూడండి. షడ్జమం 214 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం, గాంధారం నిలిచింది 263 దగ్గర. ట్యూనర్ యాప్ 214ను చూసి 'ఏ' కొంచెం తగ్గింది అంటుంది, 263ను చూసి 'సీ' దాదాపు సరిగ్గా ఉంది అంటుంది. ఏ నుంచి సీకి సాధారణ గాంధారం దూరమే, ఫ్లాట్ రాసేస్తారు. అదే 263ను 214తో పోల్చి చూడండి, 357 సెంట్లు వస్తుంది. రెండు మెట్లకూ దాదాపు మధ్యన! విడివిడిగా రెండు స్వరాలనూ దగ్గరి మెట్టుకు సర్దడం వల్ల బ్లూ నోట్ మొత్తం మాయమైంది. ప్రచారంలో ఉన్న తప్పు నొటేషన్లలో ఇలా పుట్టినవి తక్కువేం కాదు.

కీ సిగ్నేచర్, తాళం, మాటలు

మేజర్ సిగ్నేచరే పెట్టండి. పై లెక్కలో షడ్జమాన్ని ఏ దగ్గర రాస్తే మూడు షార్పులు. ఫ్లాట్లు వినిపిస్తున్నాయని మైనర్ సిగ్నేచర్ పెట్టేవాళ్లున్నారు, కింద మోగే కార్డ్ మేజర్ అయినప్పుడు ఆ సిగ్నేచర్ అబద్ధం చెప్పినట్టే. పైన ఒక మూల "అసలు శ్రుతి 48 సెంట్లు తక్కువ" అని రాసుకోండి. బార్లు గీసి, మాటల అక్షరాలను గీతల కింద పేర్చి, తేలికైన స్వరాలన్నీ రాసేయండి. గాంధారం ఉన్నచోట ఖాళీ వదలండి.

అసలు చిక్కు: గాంధారం

ఇక్కడ తొందరపడితే ఇప్పటిదాకా చేసిందంతా వృథా.

స్టాఫ్ నొటేషన్‌లో స్వరం అంటే ఒక తల. ఆ తల ఏ గీత మీద ఉందో అదే స్వరస్థానం, దాని ఆకారాన్ని బట్టి కాలం. మొదలైన చోటే స్వరం చివరిదాకా నిలబడుతుందన్న నమ్మకం ఆ గుర్తులోనే దాగి ఉంది. ఫ్లాట్, షార్ప్ పెట్టి ఒక మెట్టు జరపొచ్చు, అంతకు తక్కువ జరపడానికి మామూలు గుర్తు లేదు. బ్లూ నోట్ రెండు విధాలా దీన్ని ఒప్పుకోదు. స్థానం మెట్ల మధ్యన, పైగా స్వరం పుట్టడమే కదలికతో. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇదేం వింత కాదు. తోడి రాగంలో గాంధారాన్ని ఒక మెట్టు మీద నిలబెట్టి పాడితే తోడి అనిపించుకోదు కదా. అయితే పోలిక అక్కడితో ఆపండి. తోడి గాంధారానికి రాగలక్షణం కట్టడి ఉంది, బ్లూస్ గాంధారానికి కట్టడి గాయకుల అలవాటు, ఆ పాదం, ఆ మాట.

ముందు పిచ్ గీతను మూడు ముక్కలు చేయండి: ఎక్కడి నుంచి ఎక్కింది, ఎక్కడ నిలిచింది, ఎటు వదిలింది. పై ఉదాహరణనే సాగదీద్దాం. అక్షరం మొత్తం 0.9 సెకన్లు. అందులో 0.45 సెకన్లు 255 సెంట్ల నుంచి 357కి జారు, తర్వాత 0.25 సెకన్లు 357 దగ్గర నిలకడ, చివరి 0.2 సెకన్లలో షడ్జమానికి దిగుడు. ఈ మూడింటినీ కలిపి సగటు తీస్తే ఎంత వస్తుందో తెలుసా? 292. సాధారణ గాంధారానికి కూతవేటు దూరం! గొంతు అక్కడ ఒక్క క్షణం నిలవలేదు, దారిలో దాటిపోయింది అంతే. సాఫ్ట్‌వేర్ స్వరానికొక అంకె ఇచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోండి. నిలకడ ముక్కను మాత్రమే ఎంచి కొలవాలి. నిలకడే లేకపోతే స్వరానికి తల పెట్టడం గురించే మళ్లీ ఆలోచించాలి.

నిలకడ 320 లోపు ఉంటే ఫ్లాట్ చేసిన గాంధారం రాయండి, 380 దాటితే మేజర్ గాంధారమే రాయండి. మధ్యలో ఉంటే మేజర్ గాంధారం రాసి దానిపైన కిందికి చూసే బాణం పెట్టండి. పై ఉదాహరణలో సీ షార్ప్, మీద బాణం. ఫ్లాట్ గాంధారం మీద పైకి చూసే బాణం పెట్టేవాళ్లూ ఉన్నారు. కొలతలో రెండూ ఒకటే, చెప్పే మాట వేరు. ఒకటి మేజర్ స్వరం కిందికి వంగిందంటుంది, రెండోది మైనర్ స్వరం పైకి లేచిందంటుంది. కింది కార్డ్ మేజర్ కాబట్టి మొదటిదే సరి.

జారుకు ఏటవాలు గీత చాలు. ఆ గీత మొదట్లో బుల్లి తల పెట్టి గ్రేస్ నోట్ చేయొద్దు. తల పెట్టగానే దానికొక స్థానం వచ్చేస్తుంది, చదివేవాడు దాన్ని విడిగా పలికిస్తాడు. పియానో వాళ్లు ఫ్లాట్ మెట్టును నొక్కీ నొక్కనట్టు నొక్కి మేజర్ మెట్టు మీదికి దిగుతారు, అది వాళ్ల వాద్యానికి తగ్గ ఉపాయం. దాన్ని తెచ్చి గొంతుకు అంటించడం వేలితో చేసిన పనిని గొంతు చేసిందని చెప్పడమే.

క్వార్టర్ టోన్ గుర్తు ఉండగా బాణాలెందుకు అని అడుగుతారు. ఆ గుర్తు 350 దగ్గర ఇంకో మేకు కొడుతుంది, అంతే. అదే పాదం రెండోసారి వచ్చినప్పుడు గాంధారం 335 కావచ్చు, 370 కావచ్చు. బ్లూస్ పరిశోధకుడు జెఫ్ టాడ్ టైటన్ 1977లో తొలినాటి బ్లూస్ రికార్డులను విశ్లేషించినప్పుడు గాంధారాన్ని ఒక బిందువుగా కాక ఒక ప్రాంతంగా లెక్కేశాడు. బాణం "ఈ ప్రాంతంలో" అంటుంది, క్వార్టర్ టోన్ గుర్తు "ఇక్కడే" అంటుంది. గాంధారానికీ షడ్జమానికీ నిష్పత్తులు తీసి 11:9 అనీ 7:6 అనీ నిరూపించే వాళ్లతో వాదన పెట్టుకోకండి, వాళ్లు కొలిచేది గొంతును కాదు.

ఫ్లాట్ ఎక్కడి నుంచి వచ్చిందంటే

ఇబ్బంది కొత్తదేం కాదు. అమెరికా బానిసల పాటలతో 1867లో వచ్చిన తొలి సంకలనం ముందుమాటలోనే, సంపాదకుల్లో ఒకరైన లూసీ మెకిమ్ గారిసన్ మాట ఉంది: ఆ గొంతు మలుపులను కాగితం మీద పెట్టడం దాదాపు పక్షుల పాటను పెట్టినంత అసాధ్యమని. తర్వాత బ్లూస్ స్వరకర్త డబ్ల్యు.సి. హ్యాండీ తన పాటలు అచ్చు వేసినప్పుడు ('సెయింట్ లూయిస్ బ్లూస్' 1914) గాయకులు జారే తీరును సూచించడానికి గాంధార, నిషాదాలకు ఫ్లాట్లు వాడాడు. ఆయనకు అది సూచన. అచ్చు కాగితం చూసి నేర్చుకున్నవాళ్లకు అదే స్వరమైంది. ఇప్పుడు "బ్లూ నోట్ అంటే ఏమిటి" అంటే "ఫ్లాట్ చేసిన మూడో స్వరం" అని పాఠం చెబుతున్నారు. సూచనగా పెట్టిన గుర్తు అసలు స్వరం సీట్లో కూర్చుంది.

సంగీత శాస్త్రవేత్త చార్లెస్ సీగర్ 1958లో తేల్చిన తేడా ఇదే: ఎలా వాయించాలో చెప్పే రాత వేరు, ఎలా వినిపించిందో చెప్పే రాత వేరు. మొదటి రకం రాత పనిచేయాలంటే చదివేవాడి చెవిలో ఆ సంగీతం ముందే ఉండాలి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో తెచ్చిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో స్వరాక్షరాలకు గమక చిహ్నాలు జోడించారు. కంపితం గుర్తు చూసి పాడగలిగేది ఆ రాగం విన్నవాడే. విననివాడికి అది వంకర గీత.

సరిచూడడం

మీరు రాసిన నాలుగు బార్లు ఆ పాట విననివాళ్ల చేత పాడించండి. మీరు పాడుకుంటే లాభం లేదు, మీ చెవి లోటు పూరించేస్తుంది. వాళ్లు గాంధారాన్ని మేకు కొట్టినట్టు పాడితే జారు గీతలు చాల్లేదు. వెక్కిళ్లు పెట్టినట్టు పాడితే బాణాలు, గీతలు ఎక్కువయ్యాయి. బార్‌కు మూడు గుర్తులకు మించి పెట్టొద్దు. మించితే పాదానికి ఒక్క చోట పూర్తిగా రాసి, మిగతా చోట్ల "పైలాగే" అనండి. వీలైతే ఇంకొకరి చేత కూడా విడిగా రాయించి పోల్చండి. నలుగురు అనుభవజ్ఞులు ఒకే ఆఫ్రికన్ పాటను విడివిడిగా రాస్తే నాలుగు రకాల కాగితాలు వచ్చాయి, అవి 1964లో అచ్చయ్యాయి. రెండు రాతలు కలవని చోటే మళ్లీ వినాలి.

చివరగా కాగితం పైన నాలుగు వివరాలు: ఏ రికార్డింగ్, ఏ నిమిషం ఏ సెకను నుంచి, షడ్జమం ఎన్ని హెర్ట్జ్, బాణం అంటే ఎన్ని సెంట్ల నుంచి ఎన్ని సెంట్ల వరకు. అది రెండోసారి పాడిన పాదమైతే రెండోసారిదని కూడా రాయండి. మొదటిసారి పాడినదానికి ఇంకో వరుస గీయాలి.