రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా తిప్పుతుంటే: అడిగే ముందు చూసుకోవాల్సినవి

మార్చి నెలాఖరుకి మానేసేవాళ్లు మన భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లలో చాలామందే ఉంటారు, వాళ్ల కోసం ఇది.

– ఆఫీసు మెయిల్ ఆగిపోకముందే మీ రాజీనామా, దానికొచ్చిన అంగీకారం సొంత మెయిల్‌కి పంపుకోండి. చివరి రోజు సాయంత్రానికి లాగిన్ పోతుంది, ఆ తర్వాత మీరు ఎప్పుడు మానేశారో చెప్పే కాగితమే ఉండదు. కంపెనీ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు, అది వాళ్లకే ఆయుధం.

– "అన్నీ ముట్టాయి" అని రాసున్న సెటిల్‌మెంట్ కాగితం మీద లెటర్లు చేతికి రాకుండా సంతకం పెట్టకండి. తప్పకపోతే సంతకం పక్కనే "రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు" అని రాసి ఫోటో తీసుకోండి.

– ఫోన్లో అడగడం మానండి. ప్లాంట్ వాళ్లు విశాఖ హెడ్డాఫీసు అంటారు, హెడ్డాఫీసు ప్లాంట్ మేనేజర్ అంటారు. ఇద్దరికీ ఒకే మెయిల్ పెట్టి, చేరిన తేదీ, హోదా, చివరి పనిదినం, ఐడీ కార్డు అప్పగించిన తేదీ రాసి, ఫలానా రోజులోగా కావాలని గడువు పెట్టండి. జవాబు లేకపోతే అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువుతో.

– పీఎఫ్ పోర్టల్లో ఎగ్జిట్ తేదీ పడిందా చూడండి. కంపెనీ వెయ్యకపోతే చివరి జమ అయిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు.

– కొత్త కంపెనీకి ముందే చెప్పండి. చాలాచోట్ల అంగీకార మెయిల్, జీతం స్లిప్పులు, పీఎఫ్ సర్వీస్ వివరాలతో తాత్కాలికంగా సరిపెట్టుకుంటారు. నెట్ సెంటర్లో దొంగ లెటర్ కొట్టించారో, వెరిఫికేషన్ వాళ్లు పాత ఆఫీసుకే ఫోన్ చేస్తారు, ఉన్న ఉద్యోగమూ పోతుంది.