సమీక్ష రాయడం, 4వ పాఠం: లోపం ఎటు లాగుతోంది?

ఈ వారం ముగింపు పేరా ఎలా రాయాలో చెప్పాలనుకున్నాను. ఒక పరిశోధన వ్యాసం మీద మీరు పంపిన సమీక్షలు చదివాక అది పక్కన పెట్టాను. మూడో పాఠంలో "వ్యాసంలో లోపాలు వెతకండి" అని మాత్రమే చెప్పి వదిలేశాను. లోపం దొరికాక దాన్ని ఏం చేయాలో చెప్పలేదు. అందుకే ఎక్కువ మంది ఒకే చోట తడబడ్డారు. ముందు దాన్ని సరిచేద్దాం.

మన చేతిలో ఉన్నది కారెన్ మర్ఫీ, మరో నలుగురు కలిసి 2009లో జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ సైకాలజీలో ప్రచురించిన వ్యాసం. తరగతిలో పాఠం మీద చర్చ జరిపితే పిల్లలకు ఆ పాఠం బాగా అర్థమవుతుందా అన్నది ప్రశ్న. తొమ్మిది రకాల చర్చా పద్ధతుల మీద అంతకుముందు జరిగిన 42 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన మెటా అనాలిసిస్ ఇది. పలు పద్ధతుల్లో పిల్లలు మాట్లాడటం పెరిగింది, టీచరు మాట్లాడటం తగ్గింది. అయితే మాట పెరిగిన ప్రతిచోటా అవగాహన పెరగలేదు. వ్యాసంలో అసలు విషయం అదే.

దీనికి మీలో చాలామంది రాసిన విమర్శ: "42 అధ్యయనాలే తీసుకున్నారు, శాంపిల్ చిన్నది." ఈ వాక్యం నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. ఏ వ్యాసం కిందైనా అతికించవచ్చు కాబట్టి దిద్దే వాళ్లు దీనికి మార్కులు ఇవ్వరు. పైగా ఇక్కడ ఇది తప్పు. మొత్తంగా "చర్చ పనిచేస్తుందా" అని అడిగితే 42 తక్కువేమీ కాదు. వాటిని తొమ్మిది పద్ధతులకు పంచితే సగటున ఒక్కోదానికి అయిదు కూడా రావు. వాటిని మళ్లీ అవగాహన, తార్కిక ఆలోచన, మాటల పరిమాణం అని విడదీస్తే కొన్ని గళ్లలో మిగిలేది ఒకటో రెండో. కాబట్టి "మొత్తం ఫలితం నిలబడుతుంది, ఫలానా పద్ధతి ఫలానాదానికన్నా మెరుగు అనే పోలిక మాత్రం బలహీనం" అని రాయాలి. లోపం అదే, కానీ ఇప్పుడు అది ఏ మాటను దెబ్బతీస్తుందో తెలుస్తోంది.

ఇక నేను వాడే అడ్డదారి చెబుతాను. సారాంశాన్ని చివరికి వదిలేసి, ముందు పద్ధతి విభాగం, పట్టికలు చదువుతాను. లోపం కనిపించిన చోట మార్జిన్‌లో పెన్సిలుతో బాణం గీస్తాను. ఈ లోపం వల్ల ఫలితం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తే పై బాణం, చిన్నగా కనిపిస్తే కింది బాణం. బాణం గీయలేకపోతే ఆ లోపం నాకింకా అర్థం కాలేదన్నమాట. అలాంటిదాన్ని సమీక్షలో పెట్టను.

ఈ వ్యాసంలో పెద్ద బాణం ఎక్కడుందో చూద్దాం. కొన్ని అధ్యయనాల్లో ఒకే తరగతి ఉంది: చర్చలకు ముందు పరీక్ష, తర్వాత పరీక్ష. మరికొన్నింటిలో పోల్చడానికి చర్చలు జరపని తరగతి కూడా ఉంది. మొదటి రకంలో ప్రభావం పెద్దగా కనిపించింది. ఎందుకో ఒక ఊహా తరగతితో లెక్క వేద్దాం.

ముందు పరీక్షలో సగటు 40 మార్కులు, చర్చల తర్వాత 52. మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం 12. పెరుగుదల 12ను విచలనం 12తో భాగిస్తే, ప్రభావం ఎంత పెద్దదో చెప్పే ఎఫెక్ట్ సైజ్ 1. ఇది చాలా పెద్దది. ఇప్పుడు పక్క తరగతి చూడండి. అక్కడ చర్చల్లేవు, మామూలు బోధనే. వాళ్లూ 40తో మొదలై 49కి వచ్చారు. ఆ నెలల్లో పిల్లలు పెరిగారు, ఇతర పాఠాలు చదివారు, అదే తరహా పరీక్ష రెండోసారి రాశారు. కాబట్టి చర్చ వల్ల వచ్చిందని చెప్పగలిగేది 3 మార్కులే. 3ను 12తో భాగిస్తే 0.25. ఒకే తరగతితో చేసిన అధ్యయనం పెరుగుదల మొత్తాన్నీ చర్చ ఖాతాలో వేస్తుంది. ఇక్కడ పై బాణం.

"ఈ తేడాను రచయితలు గమనించలేదు" అని మాత్రం రాయకండి, ముగ్గురు అలా రాశారు. వాళ్లు రెండు రకాలనూ విడదీసి చూపించారు, డిజైన్‌ను బట్టి ప్రభావం మారుతోందనీ చెప్పారు. రచయితలు ఒప్పుకున్న లోపాన్ని మీరు కనిపెట్టినట్టు రాస్తే నమ్మకం పోతుంది. వాళ్లు ఆగిన చోట నుంచి మీరు మొదలుపెట్టాలి. నేనైతే ఇలా రాస్తాను:

"ఒకే సమూహంతో చేసిన అధ్యయనాల్లో ప్రభావం పెద్దగా ఉందని రచయితలే చూపారు. ఆ డిజైన్‌లో పిల్లల సహజమైన ఎదుగుదల కూడా చర్చ ఫలితంగా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఒక పద్ధతికి ఆధారాలు ప్రధానంగా అలాంటి అధ్యయనాల నుంచే వచ్చి ఉంటే, దాని ఎఫెక్ట్ సైజును పోలిక సమూహం ఉన్న పద్ధతి ఎఫెక్ట్ సైజు పక్కన పెట్టి చూడటం సరికాదు."

ఇందులో "కానీ దురదృష్టవశాత్తూ" లాంటి మాటలు లేవు. సమీక్షలో అవి అక్కర్లేదని నా అభిప్రాయం.

బాణం ఎటు గీయాలో తేలికగా తేలని లోపాలూ ఉంటాయి. పరిశోధకులు సొంతంగా తయారుచేసిన పరీక్షల్లో ప్రభావం ఎక్కువగా, బయట దొరికే ప్రామాణిక పరీక్షల్లో తక్కువగా వచ్చింది. సొంత పరీక్ష తరగతిలో నేర్పినదానికే దగ్గరగా ఉంటుంది, కాబట్టి పై బాణం అనవచ్చు. లేదా చర్చ పెంచే ఆలోచనను బహుళైచ్ఛిక ప్రశ్నలు పట్టుకోలేవు, కాబట్టి ప్రామాణిక పరీక్షకు కింది బాణం అనవచ్చు. రెండూ సమర్థించదగినవే. ఒకదాన్ని ఎంచుకుని కారణం చెప్పండి. నేను మొదటిదాని వైపు మొగ్గుతాను. టీచరుకు కావాల్సింది కొత్త పాఠం సొంతంగా చదివి అర్థం చేసుకునే పిల్లవాడు. చర్చించిన కథ మీదే మంచి మార్కులు వస్తే ఆ సంగతి రుజువు కాదు.

"అమెరికా అధ్యయనాలు, మనకు పనికిరావు" అన్నదానికి కూడా ఇదే పరీక్ష పెట్టండి. మన దగ్గర ఏది వేరు? తరగతిలో 50 మంది ఉంటే చిన్న గుంపు చర్చలో ఒక్కో పిల్లవాడికి దక్కే సమయం తగ్గుతుందని రాస్తే అది వాదన. దేశం పేరు మాత్రమే రాస్తే కాదు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఉంటుంది, రెండు సాయంత్రాలు పెట్టుకోండి. సగటు కన్నా తక్కువ సామర్థ్యం ఉన్న పిల్లలకు చర్చ వల్ల ఎక్కువ లాభం కలిగిందని ఈ వ్యాసం చెబుతుంది. ఏ పరీక్షలోనైనా అట్టడుగున వచ్చినవాళ్లలో కొందరు ఆ రోజు జ్వరంతోనో టెన్షన్‌తోనో రాసినవాళ్లు ఉంటారు. ఎవరూ ఏమీ చేయకపోయినా రెండోసారి వాళ్ల మార్కులు కాస్త పైకి వస్తాయి. దీన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. పట్టికలు తెరిచి, ఆ ఫలితం ఏ డిజైన్ అధ్యయనాల నుంచి వచ్చిందో చూడండి. బాణం గీసి, 150 పదాల్లో ఒకే పేరా రాయండి. రచయితలు ఏం ఒప్పుకున్నారో మొదటి వాక్యంలోనే రావాలి. పేరాతో పాటు పెన్సిలు గీతలున్న ఆ పేజీ ఫొటో కూడా పంపండి, ముందు అదే చూస్తాను.