ఏళ్ల తరబడి సాగే కాంట్రాక్టులో ఈ ఏడాది ఆదాయం ఎంత రాసుకోవాలి?

క్లయింటుకి సొంత స్థలం ఉంది. అందులో భవనం కట్టిపెట్టడానికి బిల్డర్ 100 కోట్లకు ఒప్పుకున్నాడు. పని మూడేళ్లు పడుతుంది, ఖర్చు 80 కోట్లు అవుతుందని అంచనా. మొదటి ఏడాది ముగిసేసరికి పునాదులు అయిపోయి రెండు అంతస్తులు లేచాయి. లెక్కల పుస్తకంలో 24 కోట్ల ఖర్చు కనిపిస్తోంది, క్లయింటుకి 30 కోట్ల బిల్లులు వెళ్లాయి. మరి ఈ ఏడాది ఆదాయం ఎంత?

బిల్లు వేశాం కదా అని 30 అనకూడదు. తాళాలు అప్పగించే రోజు దాకా ఏమీ రాయకుండా కూర్చోవడమూ కుదరదు, అలా చేస్తే రెండేళ్లు బిల్డర్ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాడు. ఎంత పని అయిందో అంత ఆదాయం రాయాలి. దీన్నే పర్సెంటేజ్ ఆఫ్ కంప్లీషన్ పద్ధతి అంటారు. ఈ పేరు ఐఏఎస్ 11 అనే పాత అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం నాటిది. 2018 నుంచి దాని స్థానంలో ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 అమల్లోకి వచ్చినా, అకౌంట్స్ విభాగాల్లో వాడుక మాత్రం మారలేదు.

పని ఎంత అయిందో కొలవడానికి నాలుగైదు దారులున్నాయి. బిల్డర్లు ఎక్కువగా వాడేది ఖర్చుతో కొలిచే పద్ధతి: మొత్తం అంచనా ఖర్చులో ఇప్పటిదాకా ఎంత శాతం అయిందో, పని కూడా అంత శాతం అయినట్టు లెక్క. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

ముందుగా: ఈ పద్ధతి మీ కాంట్రాక్టుకి వర్తిస్తుందా?

క్లయింటు స్థలంలో కడుతుంటే వేసిన ప్రతి ఇటుకా వేసినప్పుడే క్లయింటుది అయిపోతుంది. కాబట్టి ఏ ఏటికా ఏడు ఆదాయం రాసుకోవచ్చు. బిల్డర్ తన స్థలంలో కట్టి ఫ్లాట్లుగా అమ్ముతుంటే మాత్రం ఒప్పందం జాగ్రత్తగా చదవాలి. ఆ ఫ్లాటును ఇంకొకరికి మళ్లించే వీలు బిల్డర్‌కి లేకుండా ఉండాలి. బిల్డర్ తప్పు లేకుండా కొనుగోలుదారు మధ్యలో మానుకుంటే, అప్పటిదాకా చేసిన పనికి లాభంతో కలిపి డబ్బు అడిగే హక్కు కూడా ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఫ్లాటు అప్పగించినప్పుడే ఆదాయం.

ఒకటో అడుగు: అయిన ఖర్చును వడగట్టండి

పుస్తకంలో ఉన్న 24 కోట్లూ జరిగిన పనికి అయిన ఖర్చేనా? సైటు గోదాములోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. ఏడాది చివరి వారంలో దిగిన స్టీలు, ఇంకా విప్పని టైల్స్ పెట్టెలు అక్కడే ఉన్నాయి. వాటి విలువ 4 కోట్లు. వేరే సైటుకైనా పనికొచ్చే సరుకే అది. భవనంలోకి వెళ్లలేదు కాబట్టి ఇప్పటికి నిల్వ సరుకు కిందే ఉండాలి. సబ్‌కాంట్రాక్టర్‌కి ముందే ఇచ్చిన అడ్వాన్సు సంగతీ ఇంతే. డబ్బు చెల్లించినంత మాత్రాన పని జరిగినట్టు కాదు.

లిఫ్టుల్లాంటి వాటి కథ వేరు. వేరే కంపెనీ తయారు చేసిన లిఫ్టులు ఈ భవనం కోసమే సైటుకి వచ్చి క్లయింటు అధీనంలోకి వెళ్లాయి, కానీ బిగించడానికి ఇంకా నెలలు పడుతుంది అనుకోండి. వాటి ఖర్చుని అయిన ఖర్చులోంచీ, మొత్తం అంచనా ఖర్చులోంచీ, ఆ శాతం వేసే కాంట్రాక్టు ధరలోంచీ తీసేసి, ఖర్చుకి సమానమైన ఆదాయం మాత్రమే విడిగా రాస్తారు. వాటి మీద అప్పటికి లాభం చూపరు. లేదంటే ఒక లారీ గేటు దాటిన రోజున పని ఒక్కసారిగా పది శాతం ముందుకు దూకినట్టు కనిపిస్తుంది.

పగలగొట్టి మళ్లీ పోసిన స్లాబు ఖర్చు కూడా పని జరిగినట్టు లెక్కలోకి రాదు. కాంట్రాక్టు ధర కట్టినప్పుడు ఊహించని వృథా అయితే అది నేరుగా ఆ ఏడాది ఖర్చులోకి పోతుంది. అదే స్లాబు రెండుసార్లు వేసినందుకు భవనం రెండింతలు లేవదు కదా.

మన ఉదాహరణలో లిఫ్టులు, వృథా ఏమీ లేవు. గోదాములోని 4 కోట్లు పోగా మిగిలింది 20 కోట్లు.

రెండో అడుగు: మిగిలిన పనికి ఎంత అవుతుందో అడగండి

నా దృష్టిలో మొత్తం లెక్క నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. చాలామంది సైటు ఇంజనీర్‌కి ఫోన్ చేసి "ఎంత శాతం అయింది సార్?" అని అడుగుతారు. ఆయన చూపు లేచిన అంతస్తుల మీద ఉంటుంది. "సగం అయిపోయిందండీ" అంటారు. ఆ సగానికీ మన లెక్కకీ సంబంధం లేదు. అడగాల్సింది ఇది: "ఈ రోజు నుంచి తాళాలిచ్చే దాకా ఇంకా ఎంత ఖర్చవుతుంది? దేనికి ఎంత?" ప్లంబింగ్, కరెంటు పని, ఫినిషింగ్ అని పని వారీగా, మిగిలిన పరిమాణం, ఇవాళ్టి రేటు వేసి రాయించుకోండి. ఆలస్యం వల్ల పెరిగే క్రేను అద్దె, సైటు సిబ్బంది జీతాలు చాలాసార్లు మర్చిపోతారు, వాటినీ అడగండి.

మొత్తం అంచనా ఖర్చంటే ఇప్పటిదాకా అయినది, ఇంకా అయ్యేది కలిపితే వచ్చేదే. షీట్‌లో ఆ అంకెను చేత్తో టైప్ చేయకండి. చేస్తే మొదటి రోజు వేసిన 80 మూడేళ్లూ అక్కడే ఉండిపోతుంది. సూత్రంగా పెట్టండి. B2 అయిన ఖర్చు, B3 మిగిలిన ఖర్చు, B4 కాంట్రాక్టు ధర:

```
=B2/(B2+B3)
=B4*B2/(B2+B3)
```

మొదటి వరుస శాతం ఇస్తుంది. రెండోది మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా రాయాల్సిన మొత్తం ఆదాయం.

మొదటి ఏడాది చివర అయినది 20, మిగిలినది 60. అంటే 25 శాతం. ఆదాయం 25 కోట్లు, ఖర్చు 20, లాభం 5. గోదాములోని సరుకుని తీయకుండా 24 వేసి ఉంటే శాతం 30 అయ్యేది, చేయని పనికి ఒక కోటి లాభం చూపినట్టయ్యేది.

మూడో అడుగు: రెండో ఏడాది మొదటి నుంచి మళ్లీ లెక్కకట్టండి

రెండో ఏడాది చివరికి అయిన ఖర్చు మొత్తం 54 కోట్లు. గోదాములో ఉన్న సరుకూ ఈలోగా వాడేశారు. ఇంజనీర్‌తో కూర్చుని మిగిలిన పని రాయిస్తే 36 కోట్లు తేలింది. రేట్లు పెరిగాయి, పని నాలుగు నెలలు వెనకబడింది. మొత్తం ఖర్చు 80 కాదు, 90.

54ని 90తో భాగిస్తే 60 శాతం. ఇప్పటిదాకా ఆదాయం 60 కోట్లు. అందులో 25 నిరుడే రాశాం కాబట్టి ఈ ఏడాదికి 35. ఈ ఏడాది ఖర్చు 34. లాభం ఒక్క కోటి.

ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఇంత పని జరిగితే కోటి లాభమేంటని యజమాని అడుగుతారు. జవాబు ఇది: 90 కోట్లవుతుందని మొదటి ఏడాదే తెలిసి ఉంటే, అప్పుడు 22.2 కోట్ల ఆదాయం, 2.2 కోట్ల లాభం మాత్రమే రాసేవాళ్లం. అప్పుడు ఎక్కువ రాసిన 2.8 కోట్లు ఈ ఏడాది లాభంలోంచి తగ్గింది. నిరుటి లెక్కల్ని వెనక్కి వెళ్లి దిద్దరు, ఎందుకంటే అప్పటి అంచనా అప్పటికి తెలిసినదాన్ని బట్టి సరైనదే. మార్పంతా అది తెలిసిన ఏడాదిలోనే పడుతుంది.

పాత 80నే పట్టుకుని ఉంటే ఏమయ్యేది? 67.5 శాతం వచ్చేది. ఈ ఏడాది లాభం 8.5 కోట్లని అందంగా కనిపించేది. మూడో ఏడాది మిగిలిన 32.5 కోట్ల ఆదాయానికి 36 కోట్ల ఖర్చు పడి 3.5 కోట్ల నష్టం తేలేది. సరైన లెక్కలో మూడో ఏడాది ఆదాయం 40, ఖర్చు 36, లాభం 4. ఎలా రాసినా మూడేళ్లకీ కలిపి లాభం 10 కోట్లే. కానీ ఆ 8.5 చూసి బ్యాంకు అప్పిచ్చి ఉంటుంది, భాగస్వాములు వాటాలు పంచుకుని ఉంటారు.

క్లయింటు మధ్యలో అదనపు పని అడిగితే, అది ఒప్పందంలోకి ఎక్కాకే ధరలో కలపండి. అప్పుడు దాని ఖర్చుని కూడా మిగిలిన ఖర్చులో కలపాలి. గడువుకి ముందే ముగిస్తే ఇస్తానన్న బోనస్‌ని, తర్వాత వెనక్కి తీయాల్సి రాదని గట్టి నమ్మకం ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి. పని నాలుగు నెలలు వెనకబడి ఉండగా దాని ఊసే వద్దు.

నాలుగో అడుగు: బిల్లులతో సరిచూడండి

మొదటి ఏడాది బిల్లులు 30, ఆదాయం 25. ఎక్కువగా బిల్లు చేసిన 5 కోట్లు క్లయింటుకి మనం బాకీ ఉన్న పని. బాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు, కాంట్రాక్ట్ లయబిలిటీ కింద రాయాలి. రెండో ఏడాది చివరికి బిల్లులు మొత్తం 52, ఆదాయం 60. ఈసారి 8 కోట్ల పని చేశాం కానీ బిల్లు వేయలేదు. అది ఆస్తుల వైపు, కాంట్రాక్ట్ అసెట్.

ఈ అసెట్ ఏటేటా ఉబ్బుతూ, క్లయింటు మాత్రం పని కొలిచి బిల్లులు ఆమోదించడం లేదంటే, మీరు చూపిన శాతం నిజం కాకపోవచ్చు. చాలాసార్లు తప్పు మిగిలిన ఖర్చు అంకెలోనే ఉంటుంది. ఇంకో గుర్తు: ప్రతి త్రైమాసికంలోనూ లాభ శాతం ఒకే అంకె దగ్గర కదలకుండా ఉండటం. నిజమైన సైటులో అంచనా కొంచెమైనా కదులుతుంది. కదలలేదంటే ఎవరూ అడగలేదని అర్థం.

నష్టం కనబడితే

రెండో ఏడాది చివర మిగిలిన ఖర్చు 36 కాకుండా 54 అని తేలిందనుకోండి. మొత్తం ఖర్చు 108, ధర 100. కాంట్రాక్టు మీద 8 కోట్ల నష్టం. పని 50 శాతం అయింది కాబట్టి శాతం ప్రకారం ఇప్పటిదాకా ఆదాయం 50, ఖర్చు 54, నష్టం 4 అని వస్తుంది. అక్కడ ఆగిపోకూడదు. లాభాన్ని పని జరిగే కొద్దీ రాస్తాం గానీ, నష్టాన్ని కనబడగానే పూర్తిగా రాయాలి. మిగిలిన 4 కోట్లకు ఈ ఏడాదే ప్రొవిజన్ పెట్టాలి, అంటే రాబోయే ఆ నష్టాన్ని ఇప్పుడే ఖర్చుగా రాసి పక్కన పెట్టాలి.

ఈ ఏడాది లెక్క ఇలా ఉంటుంది: ఆదాయం 25, ఖర్చు 34, ప్రొవిజన్ 4, నష్టం 13. నిరుడు చూపిన 5 కోట్ల లాభం తీసేస్తే మొత్తం మీద సరిగ్గా 8 కోట్ల నష్టం. మూడో ఏడాది 50 ఆదాయానికి 54 ఖర్చు వచ్చినప్పుడు ఆ ప్రొవిజన్ వాడేస్తారు, ఆ ఏడాది లాభమూ నష్టమూ లేకుండా సున్నాకి తేలుతుంది.